ఆఖరి రెండు పెంకులు చిన్నవాళ్లవి

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. వెనకవైపు 40 అడుగుల పొడవు, 28 అడుగుల వెడల్పున టైల్స్ పరిచిన ఖాళీ జాగా ఉంది. సాయంత్రమైతే పద్నాలుగు మంది పిల్లలు కిందికి దిగుతారు. పెద్దవాళ్లిద్దరికి పదమూడేళ్లు, చిన్నవాళ్లిద్దరికి ఐదేళ్లు, మధ్యలో అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లు క్రికెట్ మొదలుపెడితే చిన్నవాళ్లు బంతులు ఏరడానికే. చిన్నవాళ్లకి నచ్చిన ఆట పెడితే పెద్దవాళ్లు పది నిమిషాల్లో వెళ్లి స్కూటర్ల మీద కూర్చుంటారు. మొన్న ఒకరి కారు అద్దం కూడా పగిలింది. అందరూ కలిసి ఆడే ఆట ఏదైనా చెప్పండి. (ఒక తల్లి, పటమట)

జవాబు: ఏడు పెంకులాట పెట్టండి. మీ జాగాకీ, మీ పిల్లల వయసులకీ ఇంతకన్నా కుదిరే ఆట లేదు. క్రికెట్‌లో ఒక సమయాన బ్యాటు పట్టినవాడికీ బంతి వేసేవాడికీ తప్ప మిగతావాళ్లకు పెద్దగా పని ఉండదు. పెంకులాటలో గురి చూసి కొట్టడం, పరిగెత్తడం, పెంకులు పేర్చడం, పేర్చేవాళ్లను కాయడం అని నాలుగు రకాల పనులున్నాయి. ఒకదానిలో వెనకబడ్డ పిల్లవాడు ఇంకోదానిలో పనికొస్తాడు. అయితే ఉన్నదున్నట్టుగా ఆడిస్తే మాత్రం పదమూడేళ్ల వాళ్లిద్దరే ఆడతారు, మిగతా పన్నెండు మందీ చూస్తారు. అందుకని కొన్ని మార్పులు చేసుకోవాలి.

ముందు సామాను సంగతి. పెంకులంటే చాలామంది మేస్త్రీలు వదిలేసిన గ్రానైట్ ముక్కలో, ఫ్లోర్ టైల్ ముక్కలో ఏరుకొస్తారు. ఆ రెండూ వద్దు. గ్రానైట్ ముక్క అంచు కోసుకుంటుంది, కాలి వేళ్ల మీద పడితే గోరు ఊడుతుంది. టైల్ ముక్క కింద పడ్డప్పుడల్లా పెచ్చులు లేచి ఎగురుతుంది. కుండ పెంకులు మంచివేగానీ సిమెంటు నేల మీద వారం రోజులు కూడా ఆగవు. మీ దగ్గర్లో కార్పెంటర్ని అడిగి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తుక్కులోంచి ఏడు చదరపు ముక్కలు కోయించండి. అడుగు ముక్క 5 అంగుళాలు, దాని మీది నుంచి అరంగుళం చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఏడోది 2 అంగుళాలకు వస్తుంది. అంచులూ మూలలూ సాండ్‌పేపరుతో గుండ్రంగా వచ్చేదాకా రుద్దించండి. అన్నీ పేరిస్తే ఎత్తు ఐదంగుళాలే అవుతుంది, అది చాలు. ప్రతి ముక్క మీదా రంగుతో అంకె వేయండి, అడుగుదానికి 1, పైదానికి 7. దీనివల్ల ఐదేళ్ల పిల్లకి కూడా తరవాత ఏది పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

బంతి గురించి ఇంకొంచెం పట్టించుకోవాలి, ఎందుకంటే అద్దాలు పగిలేది బంతివల్లే. టెన్నిస్ బంతి 58 గ్రాముల దగ్గర ఉంటుంది. ఆ బరువుతో ప్రమాదం లేదు. ఇబ్బందల్లా అది గట్టిగా ఉండటం, టైల్స్ మీద పడితే నడుమెత్తుకు ఎగరడం. ఎగిరిన బంతి కార్ల మధ్యకు పోతుంది, దాని వెనక పిల్లవాడు పోతాడు. దానికి బదులు గుడ్డబంతి చేయండి. పాత నూలు సాక్సులు మూడు తీసుకుని, రెండిటిని గట్టిగా చుట్టి మూడోదానిలో దూర్చి, మూతి దగ్గర దారంతో కుట్టేస్తే సరిపోతుంది. అరచేతిలో పట్టేంత సైజు, 60 నుంచి 80 గ్రాముల బరువు ఉండేలా చూసుకోండి. అంతకన్నా తేలికైతే 18 అడుగుల దూరం నుంచి పెంకులు పడవు. గుడ్డబంతి నేల మీద ఎగరదు, కారుకి తగిలినా మెత్తగా జారిపోతుంది. వానకు తడిస్తే మాత్రం రాయిలా బరువెక్కుతుంది కాబట్టి రెండు చేసి ఉంచుకోండి, తడిసినదాన్ని ఆ రోజు ఆడించకండి.

ఇక జాగాను ఎలా వాడుకోవాలంటే, కార్లు లేనివైపు ప్రహరీ గోడ ఉంటుంది కదా, దానికి పది అడుగుల ముందు పెంకులు పేర్చండి. పిల్లలు గోడవైపు తిరిగి విసరాలి. అంటే తప్పిపోయిన ప్రతి బంతీ గోడకు తగిలి అక్కడే పడుతుంది. పెంకుల నుంచి 7, 12, 18 అడుగుల దూరాల్లో సుద్దముక్కతో మూడు గీతలు గీయండి. ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లు మొదటి గీత దగ్గర, ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లు రెండో గీత దగ్గర, ఆపై వాళ్లు మూడో గీత దగ్గర నిలబడతారు. విసరడం ఎప్పుడూ కింద నుంచే, చేయి భుజం మీదికి లేవకూడదు. మూడో గీత వెనక ఇంకా పన్నెండు అడుగులు మిగులుతాయి. ఆ చివర ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్లు నాలుగు తెచ్చి, అడుగున కాసిని నీళ్లు పోసి, వరసగా పెట్టండి. అవి దాటితే ఆట జాగా అయిపోయినట్టే. నీళ్లు పోయకపోతే మొదటి గాలికే దొర్లిపోతాయి.

పెంకుల చుట్టూ నాలుగడుగుల దూరంలో ఒక పెద్ద సున్నా కూడా గీయండి. కాచే జట్టువాళ్లు ఆ సున్నాలోకి అడుగు పెట్టకూడదు. పేర్చే జట్టులో కూడా ఒకేసారి ఇద్దరే లోపలికి వెళ్లాలి. ఈ ఆటలో ఎక్కువగా తగిలే దెబ్బ బంతిది అనుకుంటాం గానీ, కాదు. నలుగురూ ఒకేసారి పెంకుల మీదికి వంగి తలలు ఢీకొట్టుకోవడమే ఎక్కువ. పొడుగు పిల్లవాడి గడ్డం చిన్నపిల్ల నుదుటికి తగులుతుంది, ఇద్దరికీ దెబ్బే. సున్నా గీసి ఇద్దరికే పరిమితం చేస్తే ఆ గొడవ ఉండదు.

జట్లు పంచడంలోనే సగం రోజుల్లో ఏడుపులు మొదలవుతాయి. ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుచుకుంటే ఆఖరికి మిగిలిపోయేది ఎప్పుడూ అదే చిన్నపిల్ల. మన పెద్దవాళ్లు ఆడిన పద్ధతే దీనికి మందు. దాదాపు ఒకే వయసున్న ఇద్దరు జతకట్టి పక్కకు వెళ్లి, ఒకరు మామిడిపండు, ఇంకొకరు జామపండు అని పేర్లు పెట్టుకుని వచ్చి, ‘మామిడిపండు కావాలా, జామపండు కావాలా?’ అని అడుగుతారు. నాయకుడు పండును కోరుకుంటాడు, మనిషిని కాదు. కాబట్టి ఎవరూ మిగిలిపోరు, ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. మీరు మధ్య వయసులు రాయలేదు కాబట్టి ఇలా అనుకుందాం: 13, 13, 12, 11, 11, 10, 9, 9, 8, 7, 7, 6, 5, 5. పదమూడేళ్ల వాళ్లిద్దరూ నాయకులు. మిగతా వాళ్లను వరసలో పక్కపక్కనున్న వాళ్లనే జత కట్టించండి. పన్నెండుకి పదకొండు, పదకొండుకి పది, తొమ్మిదికి తొమ్మిది, ఎనిమిదికి ఏడు, ఏడుకి ఆరు, ఐదుకి ఐదు. ఏ పండు ఎటు పడ్డా, రెండు జట్ల మొత్తం వయసుల్లో తేడా నాలుగేళ్లకు మించదు. అదీ ఏడుగురి మీద కలిపి. రెండువైపులా ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లు కనీసం ఇద్దరు ఉండి తీరతారు. ఆ ఇద్దరూ ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెప్తాను.

మనకు ‘ఆటలో అరటిపండు’ అని ఒక మాట ఉంది. చిన్నవాణ్ణి ఆటలో నిలబెడతాం గానీ వాడు ఔటవడు, వాడి కొట్టుడు లెక్కలోకి రాదు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు అది సరైన ఏర్పాటే, వాళ్లు పరిగెత్తడంతోనే తృప్తిపడతారు. ఐదేళ్లు నిండిన పిల్లకి మాత్రం తనను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదని తెలిసిపోతుంది. రెండో రోజే ‘అమ్మా, నాకు ఆట వద్దు’ అని వచ్చేస్తుంది. వాళ్లను అరటిపండ్లుగా ఉంచకుండా ఆట వాళ్ల మీద ఆధారపడేలా చేయాలి. అందుకే నియమం ఇది: మొదటి ఐదు పెంకులూ ఎవరైనా పెట్టవచ్చు, 6, 7 అంకెలున్న పెంకులు ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లే పెట్టాలి.

ఈ ఒక్క నియమంతో ఆగితే ఇంకో చిక్కు వస్తుంది. కాచే జట్టు తెలివిగా ఆ చిన్నవాళ్లిద్దరినే గురిచూసి ముందే ఔట్ చేసేస్తుంది. దాన్ని ఆపడానికి మూడు కట్టుబాట్లు పెట్టండి. ఒకటి, బంతి మోకాలి కింద తగిలితేనే ఔట్. రెండు, చిన్నవాళ్లకు రెండు ప్రాణాలు, మొదటి దెబ్బ లెక్కలోకి రాదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: బంతి చేతిలో ఉన్నవాళ్లు పరిగెత్తకూడదు. పట్టుకున్నచోటే నిలబడి, మూడు అంకెలు లెక్కపెట్టేలోగా కొట్టాలి లేదా తమ జట్టువాళ్లకు అందించాలి. పదమూడేళ్ల పిల్లవాడి బలమంతా పరుగులోనే ఉంటుంది. బంతితో వెంటపడే వీలు లేకపోతే వాడికి ఎనిమిదేళ్ల పిల్లకు బంతి అందించక తప్పదు, ఎందుకంటే ఆ పిల్ల పెంకులకు దగ్గరగా నిలబడి ఉంటుంది. ఇలా కాచేవైపు కూడా అందరి చేతుల్లోకీ బంతి వస్తుంది.

ఒక దఫా ఎలా నడుస్తుందో చూద్దాం. విసిరే జట్టులో ముగ్గురికి మూడు విసుర్లు, చిన్నవాళ్లతో మొదలు. ఐదేళ్ల పిల్ల ఏడడుగుల గీత నుంచి విసిరింది, తప్పింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు పన్నెండు అడుగుల నుంచి విసిరాడు, పక్కనుంచి పోయింది. పదమూడేళ్ల నాయకురాలు పద్దెనిమిది అడుగుల నుంచి విసిరితే పెంకులు చెల్లాచెదురయ్యాయి. ముగ్గురూ తప్పితే దఫా రెండో జట్టుకు పోతుంది. తరవాతి దఫాలో ఇంకో ముగ్గురు విసురుతారు, అలా వంతులు తిరుగుతాయి. పెద్దవాళ్లు విసిరినప్పుడు కనీసం మూడు పెంకులు పడాలి. చిన్నవాళ్ల విసురుకు ఒక్కటి కదిలి పడినా పెంకులు పడ్డట్టే, మిగతావి నాయకురాలు చేత్తో తోసేస్తుంది.

పెంకులు పడగానే పన్నెండేళ్ల పిల్లవాడూ పదేళ్ల పిల్లా సున్నాలోకి దూకి 1, 2, 3 పెట్టేశారు. ఈలోగా కాచేవాళ్లు గోడ దగ్గర బంతి అందుకుని ఒకరికొకరు అందించుకుంటున్నారు. నాలుగోది పెడుతుండగా పన్నెండేళ్ల వాడి పిక్కకు బంతి తగిలింది, వాడు బయటికి వచ్చి గట్టిగా ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టాడు. మొదట ఔటైనవాళ్లు లెక్క మొదలుపెట్టాలి, తరవాత ఔటైనవాళ్లు వాళ్లతో గొంతు కలపాలి. నూరు వచ్చేలోగా ఏడూ పేరిస్తే విసిరే జట్టుకు ఒక పాయింటు, పేర్చలేకపోతే కాచే జట్టుకు. ఎవరూ ఔటవకపోతే నాయకురాలు లెక్కపెడుతుంది. ఇలా ఔటైనవాళ్లకూ పని ఉంటుంది, దఫా రెండు నిమిషాలు దాటదు, ఎవరూ గోడకు ఆనుకుని విసుగ్గా నిలబడరు.

ఐదో పెంకు అయ్యాక పదేళ్ల పిల్ల బయటికి వచ్చి, ఐదేళ్ల పిల్ల లోపలికి వెళ్లింది, ఆమె ముందు నాయకురాలు అడ్డంగా నిలబడింది. బంతి నాయకురాలి కాలికి తగిలితే నాయకురాలే ఔట్. అంటే పెద్దపిల్ల తన ప్రాణం పణంగా పెట్టి చిన్నదానికి రెండు క్షణాలు సంపాదిస్తుంది. పదమూడేళ్ల పిల్లలు ఈ పనిని ఇష్టంగా చేస్తారు, కొట్టడం కన్నా ఇందులోనే వాళ్లకు తెలివి ఉపయోగించే అవకాశం ఎక్కువ.

ఇక్కడ చిన్న చేతులకు ఒక ఇబ్బంది వస్తుంది. ఆరో పెంకు రెండున్నర అంగుళాలే. పిల్ల దాన్ని పైనుంచి ఐదు వేళ్లతో గుప్పిట్లో పట్టినట్టు పట్టి పెడుతుంది, చేయి వెనక్కి తీసేటప్పుడు చిటికెనవేలు తగిలి కిందివన్నీ జారిపోతాయి. అటూ ఇటూ రెండు చేతుల వేళ్లతో పక్కలు పట్టుకుని, పెట్టాక చేతులు పక్కలకే విడదీయమని ఆట మొదలవకముందే చూపించండి. ఐదారుసార్లు చేయిస్తే వచ్చేస్తుంది. ఆఖరి పెంకు పెట్టాక ఆ పిల్లే చప్పట్లు కొట్టాలి. చప్పట్లు వినపడ్డాక తగిలిన బంతి లెక్కలోకి రాదు.

గొడవలన్నిటిలోకీ పెద్దది ‘తగిలింది’, ‘తగల్లేదు’. దీనికి మాటలతో తీర్పు లేదు. గుడ్డబంతిని ఆట ముందు సుద్దముక్క పొడిలో ఒకసారి దొర్లించండి. తగిలినచోట తెల్లటి మచ్చ పడుతుంది, ముదురు రంగు ప్యాంటు మీదా, కాలి మీదా కూడా. బంతి మోకాలి కిందికే కాబట్టి పొడి కళ్లలో పడదు. ముగ్గుపిండి మాత్రం వాడకండి, అది గరుకుగా ఉంటుంది. పావుగంటకోసారి మళ్లీ దొర్లించాలి. మచ్చ కనిపించకపోతే తగలనట్టే, ఇది ముందే అందరితో ఒప్పించండి.

పెద్దవాళ్లకు విసుగు వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, వాళ్లు మానేస్తామని చెప్పరు, గురి లేకుండా విసరడం మొదలుపెడతారు. అలా కనిపించిన రోజు వాళ్లను ఎడమ చేత్తో విసరమనండి. అదీ చాలకపోతే మూడో గీతను ఇంకో నాలుగడుగులు వెనక్కి జరపండి. అయినా పెద్దవాళ్లకంటూ కొంత సమయం వేరుగా ఇవ్వాల్సిందే. కలిసి నలభై నిమిషాలు, ఆ తరవాత పదేళ్లు దాటినవాళ్లకు ఇరవై నిమిషాలు ఈ సడలింపులేవీ లేకుండా అదే ఆట. ఐదేళ్ల పిల్లలకు ఎలాగూ అరగంటకే ఓపిక అయిపోతుంది. మధ్యలో ఒక జట్టు చిన్నవాళ్లందరూ ఇంటికి వెళ్లిపోతే ఆటేమీ ఆగదు, రెండో జట్టులోని చిన్నపిల్ల రెండువైపులా ఆఖరి పెంకులు పెడుతుంది. ఆ పిల్లకు అది గౌరవం కూడా.

పార్కింగ్ పక్కనే ఉంది కాబట్టి దాగుడుమూతలూ, దొంగ పోలీసూ ఆడనివ్వకండి. వెనక్కి వస్తున్న కారు డ్రైవరుకు బంపరు వెనక నక్కిన ఐదేళ్ల పిల్ల కనపడదు. పెంకులాటలో ఎవరూ దాక్కోరు. అయినా ఆఫీసుల నుంచి బండ్లు వచ్చే వేళకు ఒక మాట నేర్పండి. ఎవరు ‘బండి!’ అని అరిచినా అందరూ బంతి వదిలేసి గోడకు వీపు ఆనించి నిలబడాలి. మొదటి రోజు బండి లేకుండానే నాలుగైదుసార్లు సాధన చేయించండి.

ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో సిమెంటు టైల్స్ సాయంత్రం ఐదున్నరకి కూడా సెగలు కక్కుతుంటాయి. నేల మీద అరచేయి ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టలేకపోతే ఇంకో అరగంట ఆగండి. హవాయి చెప్పులతో ఆడనివ్వకండి, ఈ ఆటలో ఆగి తిరగడం ఎక్కువ, వాటితో జారిపడతారు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో ఉండాలి. వానాకాలంలో గోడవారన టైల్స్‌కి పాచి పడుతుంది. బంతి కోసం అందరూ పరిగెత్తేది అక్కడికే కాబట్టి వారానికోసారి బ్లీచింగు చల్లి గట్టి చీపురుతో రుద్దించండి. సంపు మూత కదలకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. డిసెంబరులో 5.40 ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి ఆట నాలుగున్నరకే మొదలవ్వాలి.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఇవన్నీ మొదటి రోజే చెప్తే పిల్లలు వినరు. ఆ రోజు మూడే చెప్పండి: బంతి మోకాలి కిందికే, బంతితో పరిగెత్తకూడదు, ఆఖరి రెండు పెంకులు చిన్నవాళ్లవి. గీతలూ సున్నా మీరే గీసి ఉంచండి, సున్నాలోకి ఎవరు వెళ్లాలో అక్కడే చూపించండి. నూరు లెక్క రెండో రోజు, సుద్ద బంతి మొదటిసారి ‘తగల్లేదు’ అనే గొడవ వచ్చినప్పుడు, రెండు ప్రాణాలు చిన్నవాళ్లను ముందే ఔట్ చేయడం మొదలైనప్పుడు తెండి. ఇబ్బంది ఎదురైన చోట వచ్చిన నియమాన్ని పిల్లలు వాళ్లే కాపాడుకుంటారు. మొదటి మూడు రోజులు తల్లిదండ్రుల్లో ఒకరు మూడో గీత దగ్గర నిలబడండి. నాలుగో రోజు నుంచి తీర్పు చెప్పే పని పది దాటిన పిల్లల్లో రోజుకొకరికి వంతులవారీగా ఇచ్చి, మీరు దూరంగా కుర్చీ వేసుకుని గేటువైపు చూస్తూ కూర్చోండి.